మిరప నారును కుళ్ళబెట్టిన సలహాలు

"వైఫై ఉండగా బోర్డుకి వేరే గడియారం ఎందుకన్నా? టైం నెట్‌ నుంచి అదే తెచ్చుకుంటుంది." షేడ్‌నెట్‌లో మిరప నారుకి నీళ్ళు చిమ్మడానికి ఈఎస్‌పీ32 బోర్డు పెట్టుకున్నప్పుడు నాకు అందిన మొదటి సలహా ఇది. ఉదయం 5:30కి 10 నిమిషాలు, సాయంత్రం 4:30కి 10 నిమిషాలు మోటార్ ఆడేట్టు పెట్టాను. రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాత గాలివానకి ఇంటర్నెట్ కేబుల్ తెగింది. ఆ రోజే కరెంటు ఐదుసార్లు పోయి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మోటార్ దానంతటదే ఆడింది. రోజుకి 20 నిమిషాలు తడవాల్సిన నారు ఒక్క పగటిలో 50 నిమిషాలు తడిసింది. కేబుల్ అతికేలోపు ట్రేలలో నారుకుళ్ళు మొదలైంది.

కారణం తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. కరెంటు పోతే ఈఎస్‌పీ32 టైం మరిచిపోతుంది. మళ్ళీ లేచినప్పుడు సున్నా నుంచి లెక్క మొదలుపెడుతుంది. దాని సున్నా 1970 జనవరి 1 అర్ధరాత్రి, అదీ గ్రీనిచ్ లెక్కన. మన టైంకి మార్చితే సరిగ్గా ఉదయం 5:30. నెట్ లేకపోతే ఆ లెక్కను సరిదిద్దేవాళ్ళుండరు. అంటే కరెంటు వచ్చిన ప్రతిసారీ మా బోర్డుకి తెల్లవారినట్టే. మీ షెడ్యూల్ 5:30కి ఉంటే ఈ తప్పు మీ పొలంలోనూ కాచుకుని ఉంది.

అందుకే డీఎస్‌3231 చిప్ ఉన్న గడియారం మాడ్యూల్ కొన్నాను. గుండీ బ్యాటరీ మీద అది తన టైం తాను నడుపుకుంటుంది. మామూలు వాతావరణంలో ఏడాదికి తేడా నిమిషానికి అటూ ఇటూగా ఉంటుంది. "డీఎస్‌1307 చవక, రెండూ ఒకటే" అన్నవాళ్ళూ ఉన్నారు. ఒకటే కాదు. దాని క్రిస్టల్ ఎండకీ చలికీ దారి తప్పుతుంది, నెలకి నిమిషం తేడా రావడం మామూలే.

రెండో చెడ్డ సలహా కోడ్‌లో దొరికింది. `setup()`లో ఈ వరస రాసేస్తే టైం సెట్ అయిపోతుందని చెప్పారు:

```cpp
rtc.adjust(DateTime(F(__DATE__), F(__TIME__)));
```

ఇది ప్రోగ్రాం తయారైన క్షణాన్ని గడియారంలో రాస్తుంది. మొదటిసారి సరిపోతుంది. కానీ కరెంటు వచ్చిన ప్రతిసారీ ఇదే వరస మళ్ళీ నడిచి, చక్కగా నడుస్తున్న గడియారాన్ని ఆ పాత రోజుకే లాక్కెళుతుంది. బ్యాటరీ ఉండీ లేనట్టే. దీన్ని తీసేసి, నెట్ నిజమైన టైం ఇచ్చినప్పుడు మాత్రమే రాయండి:

```cpp
time_t t = time(nullptr);
if (t > 1700000000)
  rtc.adjust(DateTime((uint32_t)t + 19800));
```

1700000000 అంటే 2023 నవంబరు. అంతకంటే తక్కువ వస్తే అది 1970 నుంచి మొదలైన దొంగ లెక్క, గడియారం దగ్గరికి రానివ్వకూడదు. 19800 సెకన్లంటే మన ఐదున్నర గంటలు. బ్యాటరీ అయిపోయి గడియారం ఎప్పుడైనా ఆగిందా అన్నది `rtc.lostPower()` చెబుతుంది. అది నిజమని చెబితే మోటార్ వేయకుండా ఎర్ర లైటు వెలిగించమని రాసుకున్నాను. తప్పు టైంకి నీళ్ళు పెట్టడం కంటే మనిషిని పిలవడం నయం.

మూడోది, "ఏ గుండీ సెల్ అయినా వేసేయ్." ఇది ప్రమాదం. బజారులో ఎక్కువగా దొరికే జెడ్‌ఎస్‌-042 మాడ్యూల్‌లో చార్జింగ్ సర్క్యూట్ ఉంటుంది. 5 వోల్టులు ఇస్తే బ్యాటరీకి దాదాపు 4.4 వోల్టులు చేరతాయి. కిరాణా కొట్లో దొరికే సీఆర్‌2032 మూడు వోల్టులది, చార్జ్ చేయకూడనిది. ఉబ్బుతుంది, కారుతుంది. డయోడ్ పక్కన 201 అని ఉన్న చిన్న రెసిస్టర్‌ని పీకేయండి, లేదా మాడ్యూల్‌కి 3.3 వోల్టులే ఇవ్వండి. నేను రెసిస్టర్ తీసేశాను.

బిగించాక రూటర్ ఆపి, బోర్డు ప్లగ్ పీకి, పది నిమిషాలాగి మళ్ళీ పెట్టి టైం చూడండి. నెట్ ఉండగా చూస్తే గడియారం చచ్చినా తెలియదు.

చివరిది, "5:30 అయితే మోటార్ వెయ్యి" అని రాయడం. 5:29కి కరెంటు పోయి 5:41కి వస్తే ఆ పూట నీళ్ళే ఉండవు. టైం సరిగ్గానే ఉంటుంది, ఆ నిమిషం మాత్రం దాటిపోయింది. నేను "5:30కీ 7:00కీ మధ్య, ఈ పూట ఇంకా తడపకపోతే" అని మార్చాను. తడిపిన పూట ఏదో బోర్డు ఫ్లాష్‌లో రాసుకుంటుంది. ఏడు దాటితే ఆ పూట వదిలేస్తుంది. ఎండెక్కాక నారుకి ఎన్ని నీళ్ళివ్వాలో గడియారానికి వదలను, ట్రేలో వేలు పెట్టి చూసి నేనే ఇస్తాను.