టీవీకి తెలుగు చూపించడం వచ్చు, వినడం రాదు

ఈ రోజుల్లో టీవీలో సినిమా వెతకడానికి రిమోట్ మీద ఒక్కో అక్షరం ఏరుకోవక్కర్లేదట. మైకు బొమ్మ ఉన్న బటన్ నొక్కి పేరు చెబితే చాలట. ప్రకటనలో ఆ మాట చెప్పింది మాత్రం అచ్చ తెలుగులోనే.

ఆ ప్రకటనను నమ్మిన మా అత్తయ్య రిమోట్ నోటి దగ్గర పెట్టుకుని, "బాబూ, గుండమ్మ కథ పెట్టు నాయనా" అంది. తెర మీద "babu gun dhamma cutter" అని పడింది. కింద వరసగా తుపాకులు పట్టుకున్న హాలీవుడ్ వీరులు. 1962 నాటి సినిమాలో సూర్యకాంతం నోటి ముందు ఏ తుపాకీ పనికొచ్చేది కాదన్నది నిజమే గానీ, అత్తయ్య అడిగింది అది కాదు. "వీడికి చెవుడా?" అంది. చెవుడు కాదు అత్తయ్యా, కాన్వెంటు చదువు.

సంగతి ఏమిటంటే, టీవీని ఇంగ్లీషులో పెట్టుకుంటే, మైకు విన్న ప్రతి చప్పుడునూ ఇంగ్లీషు మాటల్లోకే సర్దుతుంది. బాహుబలి, పుష్ప లాంటి పేర్లు దేశమంతా కలవరించింది కాబట్టి వాటిని గుర్తుపడుతుంది. మిగతావాటికి దగ్గర్లో ఏ ఇంగ్లీషు మాట దొరికితే అది తగిలిస్తుంది. పోనీ భాష మారుద్దామంటే, మన దేశంలో టీవీ మైకులకు సాధారణంగా వచ్చేవి రెండే: ఇంగ్లీషు, హిందీ. అలెక్సా 2019లో హిందీ నేర్చుకుని అక్కడితో చదువు చాలించింది. గూగుల్ వాయిస్ సెర్చ్‌కి 2017లోనే తెలుగు వచ్చింది కానీ అది ఫోన్లో. హాల్లో ఉన్న పెద్ద తెర దాకా ఆ తెలుగు సరిగ్గా నడిచి రాలేదు.

"మా టీవీలో తెలుగు ఉందండీ" అంటారు కొందరు. ఉంటుంది. సెట్టింగుల్లో భాష తెలుగు చేస్తే మెనూలన్నీ తెలుగులోకి మారతాయి. ఆ తర్వాత మైకు నొక్కండి. ఈ భాషలో ఈ సదుపాయం లేదని కొన్ని టీవీలు మర్యాదగా చెబుతాయి. తెలుగు ఎంచుకున్నందుకు ఉన్న ఇంగ్లీషు చెవి కూడా పోతుందన్నమాట!

మైకు సరిగ్గా విన్నా గండం గడిచినట్టు కాదు. సినిమాల చిట్టాలో పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి. ఆ స్పెల్లింగులు పెట్టేది మన నిర్మాతలు. 2020 సంక్రాంతికి వచ్చిన అల్లు అర్జున్ సినిమాను Ala Vaikunthapurramuloo అని రాశారు. మధ్యలో r రెండుసార్లు, చివర o రెండుసార్లు. ఏ సంఖ్యాశాస్త్రం సలహానో మరి. మనిషి నోటితో ఆ రెండో r ని పలకడమెలాగో సెలవిస్తే సాధన చేస్తాం.

ఇంగ్లీషు పేరున్న తెలుగు సినిమాలకు ఈ బాధ లేదు, వాటి బాధ వేరు. "జెర్సీ" అంటే టీవీ చక్కగా వింటుంది. విని, 2022లో షాహిద్ కపూర్ చేసిన హిందీ రీమేకు ముందు పెట్టినా పెడుతుంది. 2019 నాటి నాని కావాలంటే "నాని జెర్సీ తెలుగు మూవీ" అని ఇంటిపేరుతో సహా పిలవాలి. నిజానికి ఈ చిట్కా చాలాచోట్ల పనిచేస్తుంది. సినిమా పేరు మైకుకు అందనప్పుడు హీరో పేరు, సంవత్సరం చెప్పండి. "అల్లు అర్జున్ 2020 తెలుగు మూవీ" అంటే ఆ రెండు ఆర్‌ల గొడవ తప్పుతుంది.

దొరకనప్పుడు రిమోట్ విసిరేసే ముందు తెర మీద అది ఏం విన్నదో చదవండి. అక్షరాలు తప్పుగా పడితే తప్పు చెవిది. అక్షరాలు సరిగ్గానే ఉండి సినిమా రాకపోతే ఎంత గట్టిగా అరిచినా లాభం లేదు. రిమోట్ మైకు టీవీలోని అన్ని యాప్‌లలోనూ వెతకదు. ఆ సినిమా ఉండొచ్చనుకున్న యాప్ తెరిచి, దాని సొంత వెతుకుడు పెట్టెలోనే చూడాలి. అక్కడా లేకపోతే హక్కులు ఇంకెవరి దగ్గరో ఉండి ఉండొచ్చు.

ఆండ్రాయిడ్, గూగుల్ టీవీలున్నవాళ్లకు ఇంకో దొడ్డిదారి ఉంది. ఫోన్లో గూగుల్ టీవీ యాప్ పెట్టుకుని దాన్నే రిమోటుగా వాడుకోవచ్చు. టీవీలో వెతుకుడు పెట్టె తెరిచి, ఫోన్ కీబోర్డు మైకును తెలుగులో పెట్టి పేరు చెబితే, తెలుగు లిపిలో అక్షరాలు టీవీకి చేరతాయి. యూట్యూబ్‌లో తెలుగు లిపి శీర్షికలు బోలెడు కాబట్టి అక్కడ పాత సినిమాలు ఇలా బాగా తగులుతాయి. లక్ష పెట్టి కొన్న టీవీకి పదివేల ఫోను దుభాషిగా నిలబడాలి, అంతే.

కొత్త టీవీ కొనబోయేవారికి ఒక మనవి. షాపు కుర్రాడు "ఫుల్ తెలుగు సపోర్ట్ సార్" అన్నప్పుడు, మెనూకా మైకుకా అని అడగండి. మాటతో ఊరుకోకుండా అక్కడే రిమోట్ తీసుకుని "గుండమ్మ కథ" అనండి. తెర మీద ఏం పడిందో చూశాకే కార్డు గీకండి.