పడిపోయేది ఏది, ఎప్పుడు?

సాగర్ రోడ్డు మీద మన్నెగూడలో కొత్తగా ఇల్లు కట్టుకున్న ఓ ఇంటాయనకి వానాకాలంలో ఒక కొత్త ఉద్యోగం దొరికింది. మెట్ల కింద ఉన్న డీబీ బాక్సు మూత తీసి, పడిపోయిన బ్రేకరును పైకి లేపడం. జీతం లేదు, సెలవు లేదు, రాత్రి డ్యూటీ మాత్రం ఉంది.

సలహాలకు కొదవ లేదు. వాస్తు తెలిసిన బావమరిది బాక్సు ఆగ్నేయంలో లేదన్నాడు. వెనక ఇంటి కుర్రాడు ఏకంగా చికిత్సే చెప్పాడు: "అన్నా, పదహారుది తీసేసి ముప్పై రెండుది పెట్టు. మళ్లా సప్పుడు చెయ్యదు." నిజమే, చెయ్యదు. బ్రేకరు కాపాడేది గోడలోని వైరును. పదహారు ఆంపియర్లకు తగ్గ వైరు మీద ముప్పై రెండుది కూర్చోబెడితే, బ్రేకరు కిమ్మనకుండా ఉంటుంది, వైరు కాలుతుంది.

ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టరు కూడా తీయకుండా అడిగాడు: "సార్, ముందు ఒక్క ముచ్చట చెప్పుండ్రి. ఏది పడ్డది? పెట్టంగనే పడ్డదా, కొద్దిసేపు ఆగి పడ్డదా?"

రోగం పేరు సగం ఈ ప్రశ్నలోనే ఉంది. కానీ ఇంటాయన దగ్గర ఒక్కటే జవాబు: "పడ్డది." వివరాలు ఇల్లాలు చెప్పింది. పొద్దున పడేది ఎంసీబీ, అదీ గీజరు వేసి, ఇండక్షన్ పొయ్యి మీద ఉప్మాకి ఎసరు పెట్టి, కెటిల్ కూడా ఆన్ చేశాక. వెంటనే కాదు, ఉప్మా దించేలోపు.

లెక్క చూస్తే 2000 వాట్ల గీజరుకు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు. ఇండక్షన్‌కూ అంతే. 1500 వాట్ల కెటిల్‌కు మరో 6.5. మొత్తం 24. మూడూ 16 ఆంపియర్ల బ్రేకరు ఉన్న ఒకే లైను మీద ఉన్నాయి. కట్టినవాళ్లు వైరు పొదుపు చేశారు లెండి. ఎంసీబీలో రెండు లోహాలు అతికించిన పట్టీ ఒకటి ఉంటుంది. కరెంటు ఎక్కువైతే అది మెల్లగా వేడెక్కి వంగి బ్రేకరును పడేస్తుంది. ఒకటిన్నర రెట్ల లోడుకు నిమిషాలు పడుతుంది. పడిన వెంటనే లేపితే నిలబడకపోవచ్చు, పట్టీ చల్లారాలి కదా. ఇదే ఓవర్‌లోడు. గీజరుకు విడిగా లైను లాగితే ఉప్మా కథ ముగిసింది.

షార్ట్ సర్క్యూట్‌కు ఇంత ఓపిక ఉండదు. ఫేజు, న్యూట్రలు నేరుగా తగిలితే వందల ఆంపియర్లు దూకుతాయి. అప్పుడు పట్టీతో పని లేదు, లోపలి కాయిలు రెప్పపాటులో లాగేస్తుంది. లేపగానే 'ఠప్' మని పడుతుంది. ఆ ఇంట్లో ఒకసారి మిక్సీ వైరు ఎలుక కొరికి అలాగే అయింది. ఆ లైను ప్లగ్గులన్నీ పీకి లేపితే నిలబడింది, మిక్సీ పెట్టగానే పడింది. అన్నీ పీకినా పడుతుంటే మాత్రం తప్పు గోడలో ఉన్నట్టే. పట్టుదలగా పదేపదే లేపకూడదు.

అసలు తంటా రాత్రి రెండింటికి. వాన మొదలైతే చాలు, ఇల్లంతా చీకటి. ఎంసీబీలన్నీ పైనే ఉన్నాయి, పడింది పక్కనున్న వెడల్పాటి ఆర్సీసీబీ, 'టి' అని చిన్న బటన్ ఉన్నది. దానికి లోడుతో పని లేదు. అది కిరాణా కొట్టు శేఠు లాంటిది: ఫేజులో వెళ్లినంతా న్యూట్రల్లో తిరిగొచ్చిందా అన్నదే దాని చూపు. 30 మిల్లీఆంపియర్ల లోపే తేడా కనిపించినా కొట్టు మూసేస్తుంది. ఆ తేడా తడి గోడలోంచో, మనిషిలోంచో నేలకు పోయిందన్నమాట.

ఇంటాయన తెలివిగా ఎంసీబీలన్నీ దించి ఆర్సీసీబీ లేపాడు. అయినా పడింది! "ఇదే పాడైంది, తీసిపడెయ్యి" అన్నాడు. ఎలక్ట్రీషియన్ ఒప్పుకోలేదు. అక్కడున్నవి సింగిల్ పోల్ ఎంసీబీలు, దించితే ఫేజు మాత్రమే తెగుతుంది. న్యూట్రలు వైర్లన్నీ కలిసే ఉంటాయి. వీధి న్యూట్రలుకూ నేలకూ మధ్య ఉండే ఒకటి రెండు వోల్టులే ఒక్కోసారి దాన్ని పడేయడానికి చాలు. అతను మెయిన్ కట్టేసి, ఫ్రిజ్జు, టీవీల ప్లగ్గులు పీకించి, న్యూట్రల్ బారు మీది వైర్లు ఒక్కొక్కటే విప్పి, నేలకు పెట్టి మెగ్గరుతో చూశాడు. మిగతావన్నీ మెగా ఓముల్లో చూపిస్తుంటే, గేటు లైటు న్యూట్రలు సున్నా చూపింది. గేటు స్తంభంలో టేపు ఊడిన జాయింటు, ఇనుప పైపుకు ఆనుకుని, వాన నీళ్లలో స్నానం చేస్తోంది.

వైరు మార్చి, జాయింటును నీళ్లు చేరని పెట్టెలో పెట్టి, ప్లగ్గులన్నీ పెట్టించాక అతను "అప్పుడప్పుడు ఇది నొక్కి చూడుండ్రి, పడితే బాగున్నట్టు" అంటూ 'టి' బటన్ నొక్కాడు. ఆర్సీసీబీ చక్కగా పడింది. హాల్లోంచి మామగారి కేక వినిపించింది: "మళ్లీ పోయిందా! సీరియల్లో ఇప్పుడే ఆ అమ్మాయి నిజం చెప్పబోతోందయ్యా!"