అడిగినోడికి కేకు పెడితే నవ్వులాటా?

మా బావ అమెరికాలో కొడుకు ఇంట్లో చేసిన ఘనకార్యం వీడియో బత్తలపల్లెలో నా ఫోనుకూ వచ్చింది. మా రోజుల్లో పెద్దోళ్ళు ఏదన్నా పొరబడితే పెరట్లోకి పోయి నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు మొహం మీదే నవ్వి, ఆ నవ్వును సముద్రాలు దాటిస్తున్నారు.

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు. వంటింటి కొళాయి కారుతోంది, ఇంట్లో మా బావ ఒక్కడే. పక్కింటి తెల్లాయన పానా పట్టుకుని వచ్చాడు. కష్టమైన పనా అని మా బావ తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగాడు. ఆయన "పీస్ ఆఫ్ కేక్" అన్నాడు. పనికొచ్చిన మనిషి నోరు తెరిచి అడిగితే లేదనడం మా వైపు లేదు. బోరు మోటారు బాగుచేసినోడిని మజ్జిగ ఇవ్వకుండా పంపితే మా అవ్వ ఊరుకునేదా? మా బావ ఫ్రిజ్ తీశాడు. సాయంత్రం మనవరాలి పుట్టినరోజుకు తెచ్చిన కేకు కనిపించింది. పేరులో ఒక అక్షరం ఎగిరిపోయేట్టు ముక్క కోసి పళ్ళెంలో పెట్టిచ్చాడు. తెల్లాయన మారుమాట లేకుండా తిన్నాడు.

సాయంత్రం సంగతి తెలిసి ఇల్లంతా పడీపడీ నవ్వారు. కోడలు కళ్ళు తుడుచుకుంటూనే వీడియో తీసింది. "అంటే చాలా ఈజీ అని, తాతా!" అన్నాడు మనవడు. 1936లో ఆగ్డెన్ నాష్ అనే అమెరికా కవి ఆ మాట వాడాడనీ, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ విమానాలోళ్ళ నోట బాగా నలిగిందనీ పాఠం చెప్పాడు.

"తేలికైన దానికి కేకు పేరెందుకురా?" అన్నాడు మా బావ. న్యాయమైన ప్రశ్న. మనకూ మంచినీళ్ళ ప్రాయం అనే మాట ఉంది. అది ఏ కృష్ణ ఒడ్డునో పుట్టుంటుంది, ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన మా అనంతపురంలో మాత్రం కాదు.

తీపి తేలికంటే మా అవ్వ ఒప్పుకునేది కాదు. ఉగాదికి ఓళిగలు చేయాలంటే సెనగబ్యాళ్ళు వేలితో నొక్కితే నలగాలి, కానీ పలుకు విడిపోకూడదు. కాస్త ఎక్కువ ఉడికినా, నీళ్ళు సరిగ్గా వంచకపోయినా, బెల్లం కలిపాక పూర్ణం జారిపోతుంది. అప్పుడు పెనం మీద ఓళిగ చినిగి, బెల్లం కారి మాడుతుంది. వంచిన ఆ కట్టునూ పారబోసేవాళ్ళు కాదు, చారు కాచేవాళ్ళు. పిండి నూనెలో నాననిచ్చి, రోట్లో పూర్ణం రుబ్బేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. ఇప్పుడు అట్టపెట్టెలో కొని తెచ్చేవాళ్ళకు అది తేలికే మరి.

వచ్చే ఉగాదికి అందరూ ఊరికి వస్తారంట. రానీండి. నవ్వినోళ్ళందరికీ తలా ఒక ముద్ద పిండి, ఒక ఉండ పూర్ణం ఇస్తా. చినగకుండా ఒక్క ఓళిగ తట్టినోళ్ళు మా బావను చూసి మళ్ళీ నవ్వచ్చు.