గేటుకు భాష రాదు!

గద్వాల నుంచి బంధుగణాన్ని యాత్రకు తీసుకెళ్లే ఓ పెద్దమనిషి టూరు కాగితం అచ్చేయించారు. తాతయ్యకు తెలుగు, అమెరికా మనవడికి ఇంగ్లిష్. అలంపురంలో జోగులాంబ దర్శనం, వనపర్తి దగ్గర శ్రీరంగాపురం, రాత్రి 8కి నాగర్‌కర్నూల్ వదిలితే 11కల్లా శ్రీశైలం. రెండు భాషల్లోనూ ఒక్క అక్షరదోషం లేదు. కానీ మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9కి మూస్తే తెల్లారి 6 దాకా తీయరు, పులుల అడవి మరి! నాగర్‌కర్నూల్ నుంచి అక్కడికి టీతో కలిపి గంటన్నర. ఇక బస గేటు ముందే, దర్శనం దోమలకే! అయ్యా, లెక్క గేటు నుంచి వెనక్కి కట్టండి. సాయంత్రం 7 లోపే నాగర్‌కర్నూల్ వదలాలని రెండు భాషల్లోనూ పెద్దక్షరాల్లో వేయించండి.