గొంతెండిన హెడింగు

మార్చి నెల వచ్చిందంటే మా పట్టణ విలేకరి గారికి చెయ్యి ఆగదు. నీటి ఎద్దడి వార్తకు హెడింగులు ఆయన దగ్గర ఎప్పుడూ నిల్వ ఉంటాయి. ‘గుక్కెడు నీటికి గంపెడు కష్టాలు’, ‘బిందెడు నీటికి కోటి తిప్పలు’, ‘దాహం.. దాహం!’ ఈ మూడూ ఏటా వంతులవారీగా దిగుతుంటాయి. వార్డు నంబరొక్కటే మారుతుంది. ఒక ఏడాది అదీ మార్చడం మరిచారు. తప్పు పట్టినవాళ్లు లేరు, ఎందుకంటే ఆ వార్డుకు ఆ ఏడూ నీళ్లు రాలేదు.

ఊళ్లో ఆయన విలేకరి గానీ, పేపరు లెక్కలో కంట్రిబ్యూటరు. జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది. అచ్చయిన వార్తను కొలిచి సెంటీమీటరుకు ఇంతని ఇస్తారు. అందుకే ఆయన ఇంట్రో సూర్యుడి దగ్గర బయల్దేరి, భూగర్భ జలాల మీదుగా, పాలకుల నిర్లక్ష్యాన్ని పలకరించి, నాలుగో పేరాకి గానీ కుళాయి దగ్గరకు చేరదు.

ఈసారి వంతు 14వ వార్డుది. ముందు ఫొటో కావాలి. చివరి వీధి ఆడవాళ్లను ఖాళీ బిందెలతో వరుసగా నిలబెట్టారు. ఒకావిడ బిందెలో సగం దాకా నీళ్లున్నాయి. “అమ్మా, కాస్త అవి పారబోసి నిలబడతారా?” అన్నారు. “ఫొటో కోసం పారబోయమంటావా నాయనా! మళ్లీ ఎల్లుండి దాకా మాకు ఇవే!” అని ఆవిడ దులిపేసింది. ఆ మాట వార్తకు ప్రాణం. ఆయన మాత్రం దాన్ని వదిలేసి ‘భానుడు భగభగమంటున్నాడు’ అని మొదలుపెట్టి పంపేశారు.

రాత్రి డెస్కు నుంచి ఫోను. “గురువు గారూ, భానుడు అన్ని వార్డుల్లోనూ మండుతున్నాడు కదా, నీళ్లు పద్నాలుగులోనే ఎందుకు ఆగాయి?” అడిగాడు కుర్ర సబ్ ఎడిటర్. ఇన్నేళ్లలో ఆయన్ని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

రోషం వచ్చి, మళ్లీ నీళ్లు వచ్చే రోజున, వదిలే వేళకు వాచీ పెట్టుకుని వెళ్లారు. రోజు విడిచి రోజు, ఐదున్నర నుంచి ఆరుంపావు దాకా. మొదటి వీధిలో పదిహేను లీటర్ల బిందె నిమిషంలో నిండింది. చివరి వీధిలో తొమ్మిది నిమిషాలు పట్టింది. అంటే ముప్పావు గంటకు ఐదు బిందెలు, 75 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి రెండు రోజులకు అంతే. మనిషికి రోజుకు ఏడున్నర లీటర్లు! పట్టణాల్లో 135 ఇవ్వాలన్నది కేంద్రం పెట్టిన ప్రమాణం.

ట్యాంకు నిండుగానే ఉంది, పైపూ పగల్లేదు. మర్మం పాత ఫిట్టరు విప్పాడు. “పై వీధులోళ్లు కుళాయి గొట్టానికే మోటారు బిగించేశారండీ. అది లాగేస్తే కిందికి గాలే వస్తుంది. అనుమానమైతే కరెంటు పోయినప్పుడు వచ్చి చూడండి.” పోయింది కూడా, ఆ పూటే. నీళ్లు ఎత్తు మీది ట్యాంకులోంచి వాలుకు దిగేవి గనుక వాటికి కరెంటుతో పనిలేదు. చివరి వీధి కుళాయి ఒక్కసారిగా ధార కట్టింది.

ఆ రాత్రి మా విలేకరి గారు జీవితంలో మొదటిసారి సూర్యుణ్ని పక్కన పెట్టారు. హెడింగు: ‘కరెంటు పోతేనే కుళాయి నీళ్లు’. ఇంట్రో: ‘పట్టణంలోని 14వ వార్డు చివరి వీధిలో ఇంటికి ఐదు బిందెలే అందుతున్నాయి. రోజు విడిచి రోజు వచ్చే ఆ 75 లీటర్లే కుటుంబమంతటికీ రెండు రోజుల ఆధారం. పై వీధుల్లో కొందరు కుళాయిలకు నేరుగా మోటార్లు బిగించడమే ఇందుకు కారణం. కరెంటు లేనప్పుడు మాత్రం ఇక్కడ నీళ్లు ధారగా వస్తున్నాయి.’

ఆ ‘కొందరు’లో ఏటా పుట్టినరోజు ప్రకటన ఇచ్చే నాయకుడొకరున్నారు. అందుకే పేర్లు అడగొద్దని విలేకరి గారు డెస్కుకు ముందే మనవి చేసుకున్నారు. అధికారి వివరణ మాత్రం యథాతథం. ‘పరిశీలించి చర్యలు తీసుకుంటాం’ అన్న వాక్యం టైపు చేసుకున్నాకే ఆయనకు ఫోను చేశారు. అధికారి అక్షరం పొల్లుపోకుండా అదే అన్నారు.

వార్త ఒక్క కోత లేకుండా అచ్చయింది. కొలిస్తే తొమ్మిది సెంటీమీటర్లు. వారం తిరక్కుండా నీళ్లు వదిలే ముప్పావు గంటా అధికారులు ఆ వార్డుకు కరెంటు ఆపించారు. చివరి వీధిలో బిందెలు నిండాయి. మొదటి వీధిలో మిక్సీలు ఆగాయి, ఫ్యాన్లు ఆగాయి, నాయకుడి ఫోను మోగింది.

మూడో రోజు పేపర్లో ‘కరెంటు కోతలతో 14వ వార్డు విలవిల’ అని వచ్చింది. రాసింది ఆయనే. అది ఇరవై రెండు సెంటీమీటర్లు.