చేతులు కట్టుకునే ఉద్యోగం

టీం లీడ్‌గా ప్రమోషన్ ఇస్తూ పంపే ఉత్తరాల్లో ఒక లోపముంటుంది. ఇకపై ఏమేం చేయాలో వివరంగా రాస్తారు. ఏమేం మానెయ్యాలో ఒక్క ముక్క కూడా రాయరు. రోజుకి గంటలు మాత్రం పాతవే. అందుకని కొత్త లీడ్ పగలంతా మీటింగుల్లో లీడ్‌గా, రాత్రి భోజనాలయ్యాక ఇంజనీరుగా రెండు షిఫ్టులు చేస్తాడు. జీతం మాత్రం ఒక షిఫ్టుకి తగ్గట్టే పెరుగుతుంది.

మాది హైదరాబాద్‌లో ఆన్‌లైన్ చెల్లింపుల సెటిల్‌మెంట్ చూసే టీం. ప్రమోషన్ సంగతి ఫోన్లో చెప్తే మా అమ్మ సంతోషించి, "అయితే నీ కింద మనుషులుంటారన్నమాట. మరి నువ్వేం చేస్తావురా?" అంది.

"వాళ్ల పని చూసుకుంటానమ్మా."

"అంటే ఏం చెయ్యవు" అని తేల్చేసింది. ఉత్తరం రాసిన హెచ్చార్ వాళ్లకంటే ఆవిడే విషయానికి దగ్గరగా వచ్చింది.

ఏదో ఒకటి మానెయ్యాలని తెలిశాక, ఏది మానెయ్యాలన్న దగ్గర మనిషి బుద్ధి బయటపడుతుంది. నేను కాగితం తీసుకుని చకచకా రాశాను: మీటింగుల మినిట్స్, రిలీజ్ నోట్స్, సర్టిఫికెట్ల రెన్యువల్, ఆడిటర్లకి పంపే ఎక్సెల్ షీట్లు. ఇవన్నీ ఉదారంగా పంచిపెట్టెయ్యాలని నిశ్చయించుకున్నాను. చదివి చూసుకుంటే, నాకు విసుగొచ్చే పనులన్నీ అందులో ఉన్నాయి, నాకిష్టమైన పని ఒక్కటీ లేదు. ఇంటెల్‌ను నడిపిన ఆండీ గ్రోవ్ 1983లో వచ్చిన తన 'హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్' పుస్తకంలో దీనికి సరిగ్గా ఎదురు మాట చెప్తాడు. నీకు బాగా వచ్చిన పనినే ఇంకొకరికి అప్పగించు, ఎందుకంటే వచ్చిన పనైతేనే అది సరిగ్గా జరుగుతోందో లేదో పక్కనుంచి చూసి పట్టుకోగలవు అని. తర్కం ఎటునుంచి చూసినా ఒప్పే. అదే బాధ.

నాకు బాగా వచ్చినవి మూడు: కోడ్ రాయడం, ఇంకొకరి కోడ్‌లో తప్పులు పట్టడం, రాత్రిపూట నడిచే రీకన్సిలియేషన్ జాబ్‌ని బతికించడం.

కోడ్ సంగతి తొందరగానే తేలింది. రెండు వారాల స్ప్రింట్‌లో ఏపీఐ ఒకటి నేను తీసుకున్నాననుకోండి, దాని కోసం స్క్రీన్ చేసేవాళ్లు ఎదురుచూస్తుంటారు, వాళ్ల వెనక టెస్టింగ్ వాళ్లు ఎదురుచూస్తుంటారు. ఇక నా క్యాలెండర్‌లో పదింటికి స్టాండప్, పదకొండింటికి ప్లానింగ్, రెండింటికి ఎవరినో ఇంటర్వ్యూ చెయ్యడం, నాలుగింటికి పైవాళ్లకి సంజాయిషీ. మధ్యమధ్య మిగిలే ముప్పావుగంటల్లో, నిన్న ఎక్కడ ఆపానో గుర్తుతెచ్చుకోవడానికే సగం పోతుంది. పాల్ గ్రాహం 2009లో రాసిన ఓ వ్యాసంలో, మధ్యాహ్నం మధ్యలో పడ్డ ఒక్క మీటింగు పని చేసేవాడి పూట మొత్తాన్ని పాడుచేస్తుందంటాడు. నాకు పూటకి రెండు పడతాయి. రెండు రోజుల పని వారం దాటుతుంది, వెనకున్న నలుగురూ ఖాళీగా కూర్చుని నన్నే గౌరవంగా చూస్తుంటారు. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను: ఎవరో ఒకరు దేనికోసం ఎదురుచూస్తున్నారో ఆ కోడ్ నేను రాయకూడదు. ఎవరూ ఎదురుచూడనిదైతే రాసుకోవచ్చు. పది సార్లు నడిపితే ఓసారి ఊరికే ఫెయిలయ్యే టెస్టులు, అర్థంకాని లాగ్ మెసేజీలు, అలాంటివన్న మాట. ఇంజనీర్ల లోకంలో ఇవి పాత ఇల్లు సర్దినట్టుంటాయి, అయినా కీబోర్డు కీబోర్డే.

రివ్యూ దగ్గర కాస్త ఆలస్యమైంది. మా రిపాజిటరీలో `CODEOWNERS` అనే ఫైలుంటుంది. ఏ ఫోల్డర్‌లో మార్పు జరిగితే ఎవరి ఆమోదం అడగాలో అందులో రాసి ఉంటుంది. బ్రాంచ్ సెట్టింగుల్లో ఓనర్ల రివ్యూ తప్పనిసరి అని పెడితే, ఆ ఆమోదం లేకుండా కోడ్ లోపలికి పోదు. మాకు పెట్టే ఉంది. ఆ ఫైల్లో ఉన్నదల్లా ఒక నక్షత్రం, దాని పక్కన నా పేరు. అంటే టీంలో ఎవరు ఏ ఫైల్లో కామా మార్చినా నేను సరేననాలి. ఆ లైను పెట్టినప్పుడు టీంలో ముగ్గురమే. తర్వాత మనుషులు పెరిగారు గానీ నక్షత్రం అలాగే మెరుస్తూ ఉండిపోయింది.

దాన్ని తీసే ముందు, రివ్యూల్లో నేను రాసిన వ్యాఖ్యలన్నీ ఓసారి తిరగేశాను. ఎక్కువ భాగం `nit:` అని మొదలయ్యేవే: వేరియబుల్ పేరు బాలేదు, ఇక్కడో ఖాళీ లైను వదలాలి, ఇంపోర్టుల వరస మారింది. వీటిలో సగం ఫార్మాటర్, లింటర్ చేసే పనులు. వాటికి జీతమివ్వక్కర్లేదు, మొహమాటం కూడా ఉండదు. నిజంగా పనికొచ్చిన వ్యాఖ్యలు నాలుగు రకాలే: పైసలు గుండ్రం చేసే చోట తేడా, వెనక్కి తీసుకోలేని డేటాబేస్ మార్పు, ఇతర టీములు వాడుకునే ఏపీఐ ఆకారం మారడం, ఒకే చెల్లింపు రెండుసార్లు పోయే సందు. ఈ నాలుగూ ఎక్కువగా రెండు ఫోల్డర్లలోనే ఉంటాయి. అందుకని ఫైలు ఇలా మారింది:

```
*          @pay/settlement
/schema/   @me-lead @nellore-dev
/ledger/   @me-lead @nellore-dev
```

ఇందులో రెండు కిటుకులున్నాయి. ఒక ఫైలుకి ఒకటికంటే ఎక్కువ లైన్లు వర్తిస్తే చివరిదే చెల్లుతుంది, కాబట్టి నక్షత్రం పైన ఉండాలి. కింద పెడితే అదే అన్నిటినీ మింగేస్తుంది. రెండోది, ఒక లైన్లో ఇద్దరి పేర్లుంటే ఎవరో ఒకరు ఒప్పుకుంటే చాలు. నా పేరొక్కటే రాస్తే నేను ఊరెళ్లినప్పుడు టీం మొత్తం నాతోపాటు ఊరెళ్లినట్టే. ఆ రెండో పేరు మా టీంలోని నెల్లూరు అమ్మాయిది. చెప్పగానే, "అంటే ఇకమీదట తప్పు జరిగితే ఇద్దరినీ తిడతారన్న మాట, అంతేనా అన్నా?" అంది. బాధ్యత పంచుకోవడానికి నేనిన్ని పుస్తకాల్లో చదివిన నిర్వచనాలన్నిటికంటే ఇదే సూటిగా ఉంది.

మూడోది అన్నిటికంటే గట్టిది. ప్రతి తెల్లవారుజామునా బ్యాంకు నుంచి సెటిల్‌మెంట్ ఫైలు వస్తుంది. అందులోని ప్రతి లావాదేవీని మా లెడ్జర్‌తో పోల్చి, కలవనివి వేరుచేసి, ఫైనాన్స్ వాళ్లు ఆఫీసుకొచ్చేలోపు రిపోర్టు పంపాలి. ఆ జాబ్ రాసింది నేనే, ఆగితే లేపేదీ నేనే. దీన్ని వరంగల్ కుర్రాడికి అప్పగిద్దామనుకున్నాను. మామూలుగా అయితే నేను ఒక డాక్యుమెంటు రాసి, చదువుకొమ్మని లింకు పంపి, అప్పగింత అయిందనుకోవాలి. కానీ తెలిసినవాడు రాసిన డాక్యుమెంటులో వాడికి మరీ బాగా తెలిసిన విషయాలే ఉండవు. అందుకని డాక్యుమెంటు నేర్చుకునేవాడే రాయాలని పెట్టాం. మొదట నేను చేస్తుంటే వాడు చూసి రాయాలి. తర్వాత తను రాసుకున్నదాన్ని బట్టి వాడు చేస్తుంటే నేను చూడాలి. ఆ తర్వాత వాడు చేసి నాకు చెప్పాలి. చివరికి, ఏదైనా తేడా వస్తేనే చెప్పాలి.

మొదటి రోజే మొదలుపెట్టాడు. "అన్నా, రాత్రి రెండింటికైన పేమెంటు మన దాంట్ల నిన్నటి తారీఖు చూపిస్తుంది, బ్యాంకు ఫైల్ల ఇయ్యాల్టిది ఉంది. ఎట్ల కలుపుతున్నరు?"

మా డేటాబేస్‌లో టైమ్ యూటీసీలో ఉంటుంది, బ్యాంకు ఫైల్లో మన టైమ్. తేడా ఐదున్నర గంటలు. అందుకని మనకి అర్ధరాత్రి దాటాక తెల్లవారి ఐదున్నర దాకా జరిగినవన్నీ మా దగ్గర ముందురోజు ఖాతాలో పడతాయి. జాబ్ దాన్ని సర్దుకుంటుంది, కానీ ఒక తారీఖుకి చేత్తో మళ్లీ నడపాలంటే ఏ గంట నుంచి ఏ గంట దాకా ఇవ్వాలో ఎక్కడా రాసిలేదు. నా వేళ్లకి తెలుసు. వాడి డాక్యుమెంటులో అది మూడో మెట్టయింది, ఎర్ర రంగులో.

ఇక మూడో దశలో ఉండగా నెలాఖరు రాత్రి జాబ్ పడిపోయింది. ఆన్‌కాల్ వాడిది. కాల్‌లో నేనూ ఉన్నాను, స్క్రీన్ వాడు చూపిస్తున్నాడు. ఎర్రర్ కనపడగానే నాకు కారణం తెలిసిపోయింది. రీఫండ్ వరసల్లో మైనస్ గుర్తు అంకె ముందు కాకుండా వెనక వచ్చింది, `1250.00-` అని. పాత మెయిన్‌ఫ్రేమ్ పద్ధతి అది. మా పార్సర్‌కి అది అంకెలా కనపడదు. ఆ ఫైల్లో చిన్న సవరణ చేసి మళ్లీ నడిపితే పది నిమిషాల పని. కానీ నేను కీబోర్డు అందుకున్న మరుక్షణం వాడు ఆన్‌కాల్ ఇంజనీరు కాకుండా ప్రేక్షకుడైపోతాడు, వచ్చే నెల కూడా ఫోన్ నాకే వస్తుంది. అందుకని ముందే ఒప్పందం: ఆన్‌కాల్ ఎవరిదో వాళ్లే టైప్ చెయ్యాలి. ఫైనాన్స్ వాళ్లకి, మా పైవాళ్లకి "చూస్తున్నాం, ఆరున్నరకి మళ్లీ చెప్తాం" అని మెసేజీలు పెట్టడం నా పని. ఆరున్నర దాటినా పని కాకపోతే అప్పుడు నోరు విప్పొచ్చు. దానికన్నా ముందు ప్రశ్నలు మాత్రమే అడగొచ్చు, అది కూడా "ఫెయిలైన మొదటి వరస ఏది?" లాంటివి. "ఆ మైనస్ చూడు" అన్నది ప్రశ్న కాదు, చివర్లో ప్రశ్నార్థకం పెట్టినా సరే.

వాడికి నలభై నిమిషాలు పట్టింది. అందులో పాతిక నిమిషాలు తప్పు దారిలోనే తిరిగాడు. నేను మ్యూట్‌లో పెట్టి, రెండు సార్లు మంచినీళ్లు తాగి, ఒకసారి గోడకి చెప్పుకున్నాను. చివరికి గుర్తుపట్టి, ఫైల్ని ముట్టుకోకుండా పార్సర్‌లోనే వెనక మైనస్‌ని చదివేలా మార్చి, దానికో టెస్టు కూడా రాసి నడిపాడు. రిపోర్టు ఎనిమిదింటికి వెళ్లింది. కోడ్ నేను రాసే పద్ధతిలో లేదు. నాకు నచ్చని చోట ఒక `if` ఉంది. అది అలాగే ఉంది.

ఇప్పుడు రాత్రిపూట మొదట వాడి ఫోన్ మోగుతుంది. పదిహేను నిమిషాల్లో ఎవరూ ఎత్తకపోతే నెల్లూరు అమ్మాయిది, ఆ తర్వాత నాది. ఫోన్ మోగకపోయేసరికి మా ఆవిడ రెండు వారాలు చూసి, "ఏమండీ, ఆఫీసులో అంతా బాగానే ఉంది కదా?" అని ఆరా తీసింది.

దొరికిన తీరికలో, నా నియమం ప్రకారం, ఎవరూ ఎదురుచూడని పనొకటి పట్టుకున్నాను. అప్పుడప్పుడూ ఊరికే ఫెయిలయ్యే టెస్టు ఒకటుంటే, మూలం వెతికి, టైమ్ మీద ఆధారపడ్డ భాగం తీసేసి, ముచ్చటగా పదిహేడు లైన్ల మార్పు రివ్యూకి పెట్టాను. సోమవారం ఎవరూ చూడలేదు. మంగళవారమూ చూడలేదు. బుధవారం స్టాండప్‌లో మెల్లగా ఎత్తితే, "అర్జెంటు కాదు కదన్నా, దానికోసం ఎవరూ ఆగలేదు" అంది నెల్లూరు అమ్మాయి. గురువారం వరంగల్ కుర్రాడి నుంచి ఒక వ్యాఖ్య వచ్చింది:

`nit:` ఈ వేరియబుల్ పేరు మారిస్తె బాగుంటదన్నా.