అమ్మ తయారీ బొమ్మలకూ ఒక నిబంధన

ప్రిన్సిపాల్ గారి ఉత్తరం మీరూ చదివే ఉంటారు. ఈ వారం రాజోలు నుంచి రావులపాలెం దాకా అది తిరగని వాట్సాప్ గ్రూపు లేదు. రెండు పేజీలు, గుండ్రటి ముద్ర, గెజిటెడ్ కాకపోయినా ఆకుపచ్చ సిరాతో సంతకం. ఇకమీదట పిల్లల ప్రాజెక్టుల్లో ఏఐతో చేసిన బొమ్మ ఉంటే దాని కింద కుడిమూలన ఆ సంగతి రాయాలట. అలాంటి బొమ్మలు చార్టులో పావువంతుకి మించకూడదట. అనుమానం వస్తే స్కూలు వారి సాఫ్ట్‌వేర్ తేలుస్తుందట. ఆఖర్న తల్లిదండ్రులు ఒక హామీపత్రం మీద సంతకం పెట్టాలట: ఈ ప్రాజెక్టు మా అబ్బాయి లేక అమ్మాయి ఏ యంత్రం సాయమూ, ఏ మనిషి సాయమూ లేకుండా స్వయంగా చేసినది అని. రెండో నిబంధన పావువంతు ఒప్పుకుంటే నాలుగోది అసలే కూడదంటోంది. ఆ రోజు లెక్కల మాస్టారు సెలవులో ఉన్నట్టున్నారు.

నిబంధనలు మంచివే. నా బాధల్లా ఒక్కటే. కొత్త యంత్రం మీద ఇంత శ్రద్ధ పెట్టినవారు, ఏళ్ళ తరబడి అదే చార్టులు తయారుచేసి పంపుతున్న పాత యంత్రాన్ని మరిచిపోయారు. అది కోనసీమలో ప్రతి ఇంటా ఉంది. కరెంటు పోయినా పనిచేస్తుంది. దాన్ని అమ్మ అంటారు.

పనిచేసే తీరులో రెంటికీ పెద్ద తేడా లేదు. రాత్రి తొమ్మిదిన్నరకి, గిన్నెలు తోమడం అయ్యాక, దానికి ఒక వాక్యం చెప్పాలి: "అమ్మా, రేపే ఇచ్చేయాలంట." ఏం ఇవ్వాలో, ఎందుకివ్వాలో వివరం ఉండదు. ఆ మాత్రం దానికే యంత్రం కదులుతుంది. మొదట ఒక హెచ్చరిక సందేశం వస్తుంది: "ఇప్పుడా చెప్పడం? వారం నుంచీ ఏం చేస్తున్నావ్?" ఇది పట్టించుకోనక్కర్లేదు. కాసేపటికి మంచం కిందనుంచి పాత చార్టు, పక్కింటి నుంచి స్కెచ్ పెన్నులు, ఫ్రిజ్ మీద నుంచి ఫెవికాల్ బయటికొస్తాయి. ఒంటిగంటకల్లా గోదావరి డెల్టా సిద్ధం. గౌతమి ఒకవైపు, వశిష్ఠ ఒకవైపు, మధ్యలో వైనతేయ, పైన పత్తితో మబ్బులు. చార్టు కింద పిల్లవాడు రాసింది వాడి పేరొక్కటే. అందులోనూ ఒత్తు అమ్మే దిద్దింది.

నాన్న కూడా ఒక యంత్రమే అంటారు గాని, ఆ సర్వరు ఎప్పుడూ డౌనే. డబ్బులు కట్టి వాడుకునే సౌకర్యం వేరే ఉంది: స్కూలు గేటు ఎదురుగా జెరాక్స్ షాపు. "ఎనిమిదో తరగతి సోషల్, రెండో ప్రాజెక్టు" అంటే చాలు, కొలతలు కూడా అడక్కుండా కలర్ ప్రింట్లు తీసి, కత్తిరించి, అతికించి ఇస్తారు. ఆ తరగతిలో పదిమంది చార్టులు ఒకే పోలికలో ఉంటాయి. ఇన్నేళ్ళలో ఆ పదింటినీ పక్కపక్కన పెట్టి చూసిన టీచరు ఎవరూ లేరంటే నమ్మలేను. చూశారు. పదికి తొమ్మిదేశారు.

కాబట్టి సవరణలు కోరుతున్నాను. ఒకటో నిబంధనలో ఏఐ అన్నచోట "లేదా తల్లి" అని చేర్చాలి. చార్టు కుడిమూలన "అమ్మ తయారీ" అని ముద్ర ఉండాలి. ఎంత పెద్దది అన్నదానికి ఢిల్లీ ఉండనే ఉంది. 2025 అక్టోబరులో కేంద్ర ఐటీ శాఖ విడుదల చేసిన ముసాయిదాలో యంత్రం చేసిన బొమ్మ మీద పదోవంతు మేర ఆ సంగతి కనపడాలన్నారు. మరుసటి ఫిబ్రవరిలో వచ్చిన తుది నిబంధనల్లో ఆ కొలత తీసేశారు. పైగా అవన్నీ సామాజిక మాధ్యమాల కంపెనీల కోసం, ఎనిమిదో తరగతి వాళ్ళ కోసం కాదు. అయినా ఢిల్లీ వదిలేసిన పదోవంతును మనం పట్టుకోవచ్చు. డెల్టాలో ఆ మేరకి మా ముమ్మిడివరం పోతే పోనీండి.

పావువంతు లెక్క మాత్రం కొంచెం చిక్కు. బొమ్మ గీసింది అమ్మ. రంగులేసింది పిన్ని. సముద్రానికి నీలం చాలక సగంలో పచ్చ వాడింది వాడే. ఇందులో యంత్రం వాటా ఎంత? తల్లి వాటా ఎంత? పిన్నిని ఏ పద్దులో రాయాలి? అమలాపురంలో ఒక ఆడిటర్ని పెట్టుకుని ధ్రువపత్రం తెమ్మంటే తెస్తాం. ప్రాజెక్టుకి వచ్చేది పది మార్కులు, ఆడిటరుకిచ్చేది అయిదొందలు. చదువన్నాక ఖర్చులుంటాయి.

ఇక సాఫ్ట్‌వేర్. దీన్ని గురించి కాస్త నెమ్మదిగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఉత్తరంలో అందరూ భయపడ్డది ఆ ముక్కకే. కొన్ని యంత్రాలు తాము చేసిన బొమ్మ ఫైలులో పుట్టుపూర్వోత్తరాలు రాసి పెడతాయి. స్క్రీన్‌షాట్ తీసినా, వాట్సాప్‌లో పంపినా ఆ రాత మామూలుగా ఎగిరిపోతుంది. మరికొన్ని బొమ్మలోనే కంటికి కనపడని గుర్తు దాస్తాయి. మామూలుగా ఆ గుర్తు వేసిన కంపెనీ పనిముట్టే దాన్ని చదవగలదు, వేరే గుర్తున్న బొమ్మ దాని ముందు పెడితే నోరు మెదపదు. ఈ రెండూ లేనప్పుడు మిగిలేది అంచనా: రంగుల పోకడ, గీతల నునుపు చూసి "డెబ్బై శాతం యంత్రం" అంటుంది. అదీ అసలు ఫైలు చేతికిస్తే. మన పిల్లల బొమ్మ ఫోన్లో పుట్టి, వాట్సాప్‌లో జెరాక్స్ షాపుకి వెళ్ళి, మామూలు కాగితం మీద ప్రింటై, ఫెవికాల్ తడికి ముడతలు పడి, చార్టెక్కి, స్కూలు బస్సులో నలిగి వస్తుంది. దాన్ని మళ్ళీ ఫోన్‌తో ఫొటో తీసి సాఫ్ట్‌వేర్‌ని అడిగితే అది చెప్పేది జోస్యం. ఆ జోస్యంలో దోషిగా తేలేది ఎవరో కూడా ఊహించవచ్చు: స్కేలు పెట్టి మార్జిన్ గీసి, నీటుగా రంగులేసిన పిల్ల. గీతలు నునుపుగా ఉన్నాయి కదా మరి.

నిజానికి యంత్రాన్ని పట్టుకోడానికి యంత్రం అక్కర్లేదు. మా పక్కింటి పిల్లాడి చార్టు చూశాను. విషయం "మన ప్రాంతపు పండుగ". వాడు ఎంచుకున్నది జగ్గన్నతోట ప్రభల తీర్థం. ఫోన్‌ని అడిగితే బొమ్మ ఇచ్చింది, బొమ్మ ధగధగలాడుతోంది. ప్రభకి నాలుగు చక్రాలు. జనం తాళ్ళు పట్టి లాగుతున్నారు. వెనకాల ఏడంతస్తుల గోపురం. పైన బ్యానరు మీద తెలుగులా కనిపించే గీతలున్నాయి, తెలుగు మాత్రం కాదు.

ఎందుకలా ఇచ్చిందో తెలుసుకోవడం కష్టం కాదు. అది నేర్చుకున్న కోట్లాది ఫొటోల్లో పూరీ రథాలకి లోటుండదు, మన ప్రభలు ఏ మూలనో నాలుగుండొచ్చు. 2023 రిపబ్లిక్ డే నాడు మన శకటంగా ఢిల్లీలో ప్రభల్ని ఊరేగించినా, ఆ లోటు తీరేంతగా ఫొటోలు పోగవలేదు. తెలియనిచోట అది తనకి బాగా తెలిసినదాన్ని తెచ్చి అతికిస్తుంది. మొసలపల్లి జగ్గన్నతోట తెలియదు, పూరీ తెలుసు.

ప్రభకి చక్రాలుండవు. వెదురూ కర్రలూ కట్టి, రంగు బట్టలు చుట్టి, భుజాల మీద మోస్తారు. కనుమ నాడు పదకొండు ఊళ్ళ నుంచి పదకొండుమంది రుద్రులు పచ్చని వరిచేల మీదుగా వస్తారు. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలైతే కౌశికలో నీళ్ళకి దిగి "అశ్శరభ శరభ" అంటూ ఎక్కివస్తాయి. వ్యాఘ్రేశ్వరం వారు తోటలోకి రాగానే తక్కినవారు తమ ప్రభల్ని ఒక్కసారి పైకెత్తుతారు. ఇంతమంది దేవుళ్ళు కూడే ఆ తోటలో గుడే లేదు. గోపురం ఎక్కణ్ణుంచొస్తుంది?

ఆ చార్టు చూడగానే వాళ్ళమ్మ అంది: "చక్రాలేంట్రా, మా పుట్టిల్లు ముక్కామలరా, మా నాన్న భుజం కాయకాసిపోయేది." చక్రాల మీద తెల్లకాగితం అతికించి, కింద మనుషుల్ని గీసింది. అంటే పాత యంత్రం కొత్త యంత్రాన్ని దిద్దింది. దిద్దగలిగింది ఎందుకంటే చిన్నప్పుడు ఆ ప్రభ పక్కన బురదలో నడిచింది. ఆవిణ్ణి అప్పుడు ఏ స్కూలూ ప్రాజెక్టు అడగలేదు.

ఇక్కడికొచ్చేసరికి నాకు వెటకారం సాగడం లేదు ప్రిన్సిపాల్ గారూ. అమలాపురం నుంచి అంబాజీపేట మీదుగా ఆ తోటకి బస్సులో గంట కూడా పట్టదు. వాడు అక్కడికి వెళ్ళలేదు. కనుమ రోజున ఇంట్లో కూర్చుని ప్రాజెక్టు చేసుకున్నాడు, సెలవులు కాగానే ఇచ్చెయ్యాలన్నారని. మీ రెండు పేజీల్లో ముద్ర ఎక్కడెయ్యాలో ఉంది, ఎంత శాతమో ఉంది, ఎన్ని మార్కులు కోస్తారో ఉంది. పిల్లవాడు వెళ్ళి ఒకసారి చూసిరావాలని ఒక్క ముక్క లేదు. తిరిగొచ్చాక వాణ్ణి నిలబెట్టి, వ్యాఘ్రేశ్వరం ప్రభ వచ్చినప్పుడు మిగతావాళ్ళేం చేశారురా అని ఒక్క ప్రశ్న అడిగితే మీకు సాఫ్ట్‌వేరే అక్కర్లేదు. అడగరు. అడిగితే వినాలి, వినాలంటే టీచరుకి టైముండాలి, నలభై చార్టులకీ తలా అయిదు నిమిషాలివ్వాలి. దానికన్నా హామీపత్రం తేలిక.

ఆ హామీపత్రం సంగతే చెబుతాను. నిన్న రాత్రి ఆ తల్లి దాని మీద సంతకం పెట్టింది, కొడుకు చూస్తుండగా. ఇది మా అబ్బాయి స్వయంగా చేసినది అని. ఇద్దరికీ తెలుసు అబద్ధమని. మీకూ తెలుసు. చార్టు అతికించిన చేతులు ఎవరివో తెలిసీ ఏటేటా తొమ్మిదేసి మార్కులేసినవారు మీరే. ఏఐ బొమ్మ రాకముందు నుంచే మీ బడి గోడల మీదున్నవన్నీ దొంగ బొమ్మలే. అప్పట్లో అబద్ధం చార్టు మీదే ఉండేది. ఇప్పుడు దాన్ని అమ్మ చేత రాతపూర్వకంగా ఒప్పించి, పదమూడేళ్ళవాణ్ణి సాక్షిగా నిలబెట్టారు. ఇది ఏ యంత్రమూ నేర్పలేదు.

వచ్చే కనుమకి ఆ హామీపత్రాలు అచ్చేయించే డబ్బుతో డీజిలు కొట్టించి రెండు బస్సులు మొసలపల్లి పంపండి. చాలకపోతే ఫీజులో కలిపి వసూలు చేసుకోండి. ఎలాగూ చేస్తారు.